మార్చి 31న కనిపించని బాకీ

పల్నాడులో పత్తి, మిర్చి పండే ఒక మండల కేంద్రంలో పురుగుమందుల దుకాణం ఉందనుకుందాం. దుకాణం ఊహించుకున్నదే, అంకెలూ లెక్క తేలిగ్గా సాగాలని వేసుకున్నవే. వ్యాపారం తీరు మాత్రం ఆ ప్రాంతంలో అందరూ ఎరిగినదే. రైతు మందు అరువు మీద తీసుకెళ్తాడు, పంట అమ్మాక కడతాడు. డీలరు కూడా కంపెనీ దగ్గర కొంత గడువు మీదే సరుకు దింపుకుంటాడు. ఈ రెండు అరువుల మధ్య డీలరు సొంత డబ్బు, బ్యాంకు డబ్బు ఎన్ని రోజులు ఇరుక్కుని ఉంటుందో ఆడిటరు ఇచ్చే రెండు కాగితాల నుంచి తేల్చవచ్చు. ఒకటి లాభనష్టాల ఖాతా, రెండోది బ్యాలెన్స్ షీట్.

2024-25లో ఈ దుకాణం అమ్మకాలు 146 లక్షలు. అంటే సగటున రోజుకు 40 వేలు. అమ్మిన సరుకు కొన్న ధర 127.75 లక్షలు, రోజుకు 35 వేలు. ఏడాదిలో కొన్న సరుకు 131.40 లక్షలు, రోజుకు 36 వేలు. ఇక మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్‌లో సరుకు నిల్వ 24.50 లక్షలు, రైతుల నుంచి రావలసిన బాకీలు 28.32 లక్షలు, కంపెనీలకు కట్టవలసింది 19.12 లక్షలు.

ముందు సరుకు సంగతి చూద్దాం. గోడౌనులో ఉన్న సరుకును పుస్తకాల్లో కొన్న ధరకే రాస్తారు, కాబట్టి దాన్ని కొన్న ధరతోనే భాగించాలి. 24.50 లక్షలను 35 వేలతో భాగిస్తే 70 రోజులు. అమ్మకాలతో భాగిస్తే 61 వస్తుంది. అది తప్పు లెక్క, ఎందుకంటే అమ్మకాల్లో డీలరు లాభం కలిసి ఉంది, సరుకు నిల్వలో లేదు.

రైతుల బాకీ దగ్గర చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. లాభనష్టాల ఖాతాలో అమ్మకాలు జీఎస్టీ తీసేశాక ఉండే మొత్తం. రైతు పద్దులో ఉన్నది బిల్లు మొత్తం, పురుగుమందుల మీద 18 శాతం జీఎస్టీతో కలిపి. ఒకదాంట్లో పన్ను ఉండి, మరొకదాంట్లో లేకపోతే రోజుల సంఖ్య ఉబ్బుతుంది. 28.32 లక్షలను నేరుగా 40 వేలతో భాగిస్తే దాదాపు 71 రోజులు వస్తాయి. ముందు 1.18తో భాగించి పన్ను విడదీస్తే మిగిలేది 24 లక్షలు, అప్పుడు వచ్చేది 60 రోజులు. ఇవే డెటార్ డేస్. కంపెనీల బాకీకీ ఇదే పద్ధతి. 19.12 లక్షల నుంచి పన్ను తీసేస్తే 16.20 లక్షలు. దాన్ని రోజు కొనుగోలు 36 వేలతో భాగిస్తే 45 రోజులు. ఇవి క్రెడిటార్ డేస్.

ఇప్పుడు మూడింటినీ కలపడమే. సరుకు గోడౌనులో 70 రోజులు ఉంది, అమ్మాక డబ్బు రావడానికి 60 రోజులు పట్టింది, మొత్తం 130. అందులో మొదటి 45 రోజులు కంపెనీ డబ్బుతో నడిచాయి. మిగిలిన 85 రోజులు డీలరు సొంత డబ్బో, బ్యాంకు క్యాష్ క్రెడిట్ డబ్బో ఇరుక్కుంది. దీన్నే క్యాష్ కన్వర్షన్ సైకిల్ అంటారు. డీలరు ఈ రోజు ఒక రూపాయి కంపెనీకి కడితే, అది తిరిగి గల్లాపెట్టెలోకి రావడానికి సగటున 85 రోజులు పడుతుందన్నమాట.

పాఠ్యపుస్తకాల్లో లెక్క ఇక్కడితో అయిపోతుంది. ఈ వ్యాపారానికి మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. సగటున రోజుకు 40 వేలు అన్నాం కానీ, పురుగుమందులు ఏ రోజూ సగటున అమ్ముడుపోవు. ఈ దుకాణంలో జూలై అమ్మకాలు 22 లక్షలు, ఆగస్టు 28, సెప్టెంబరు 26. డిసెంబరుకు 10 లక్షలకు దిగి, జనవరిలో 7, ఫిబ్రవరిలో 4, మార్చిలో 3 అయ్యాయి. నెలవారీ అంకెలు ఆడిటరు కాగితాల్లో ఉండవు. జీఎస్టీ రిటర్నుల్లో ఉంటాయి.

వీటిని చేతిలో పెట్టుకుని మార్చి 31 నుంచి వెనక్కి నడవండి. బాకీ 24 లక్షలు. అందులోంచి మార్చి అమ్మకాలు 3 తీసేస్తే 21. ఫిబ్రవరివి 4 తీస్తే 17. జనవరివి 7 తీస్తే 10. డిసెంబరువి 10 తీస్తే సున్నా. నాలుగు నెలలు, 121 రోజులు వెనక్కి వెళ్తే గానీ బాకీ తీరలేదు. సూత్రం 60 రోజులంది, నెలల లెక్క అంతకు రెట్టింపు అంటోంది. పైగా ఈ నాలుగు నెలల్లో అమ్మిన ప్రతి డబ్బా అరువు మీదే వెళ్లిందని, అందులో ఒక్క రూపాయీ వసూలు కాలేదని అనుకుంటేనే 121. ఏ కొంత నగదు వచ్చి ఉన్నా, మిగిలిన బాకీ నవంబరుదో, ఆగస్టుదో అవుతుంది. అంటే పంట చేతికొచ్చినా తీరని బాకీ అది.

సెప్టెంబరు 30న చూస్తే ఇదే సూత్రం తిరగబడుతుంది. ఆ రోజు పన్ను తీసేసిన బాకీ 60 లక్షలు ఉందనుకోండి. 40 వేలతో భాగిస్తే 150 రోజులు వచ్చి గుండె గుభేలుమంటుంది. నెలలవారీగా వెనక్కి నడిస్తే సెప్టెంబరు 26, ఆగస్టు 28, జూలైలో మిగిలిన 6 లక్షలు. సుమారు 70 రోజులే. పైరు ఇంకా పొలంలోనే ఉంది కాబట్టి ఆ బాకీ ఉండవలసిందే. ప్రమాదం లేనప్పుడు పెద్ద అంకె చూపించి, ప్రమాదం ఉన్నప్పుడు చిన్న అంకె చూపించే లెక్కను నమ్మి వచ్చే ఖరీఫ్‌కు అరువు పెంచుకుంటే, డీలరు ఇల్లు కూడా ఆ బాకీలో కొట్టుకుపోతుంది. అందుకే నాకు ఈ సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

నగదు అమ్మకాలనూ విడిగా తీసిపెట్టాలి. 146 లక్షల్లో నాలుగో వంతు, అంటే 36.50 లక్షలు చేతి మీద వచ్చిన నగదు అయితే, అరువు అమ్మకాలు రోజుకు 30 వేలే. అప్పుడు సూత్రం ప్రకారమే బాకీ 80 రోజులవుతుంది.

కంపెనీల వైపున్న 45 రోజుల్ని పెంచుకుంటే సైకిల్ తగ్గుతుంది నిజమే, కానీ దానికో హద్దుంది. సరుకు తయారుచేసి అమ్మినవారు నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమ అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉన్నప్పుడు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో కట్టాలి. 2023 ఆర్థిక చట్టం దీనికి ఆదాయపు పన్నునూ ముడిపెట్టింది. గడువు దాటి, ఏడాది చివరికి కట్టకుండా ఉన్న మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపడానికి వీల్లేదు, కట్టిన ఏడాదిలోనే చూపాలి. ఇంకోటి, మార్చిలో ఖరీఫ్ కోసం ముందే సరుకు దింపుకుంటే కంపెనీల బాకీ, గోడౌను నిల్వ రెండూ ఒక్కసారిగా ఉబ్బుతాయి. మార్చి బిల్లులు ఎంతో చూడకుండా ఆ 45 రోజుల్ని, 70 రోజుల్ని నమ్మకూడదు.

కంపెనీలు తమ బ్యాలెన్స్ షీట్‌లో బాకీలను ఆరు నెలల లోపువి, ఏడాది లోపువి, రెండేళ్లవి, మూడేళ్లవి, ఆ పైవి అని విడదీసి చూపాలని 2021-22 నుంచి నియమం ఉంది. సొంత దుకాణదారుకు ఆ నిర్బంధం లేదు. అయినా రైతు పేరు, బిల్లు తేదీ, మిగిలిన మొత్తం అని మూడు గళ్లు గీసి మార్చి 31 నాటికి జాబితా రాస్తే, నవంబరుకు ముందువి ఎన్నో ఒక సాయంత్రంలో బయటపడతాయి. 121 రోజుల్ని పెట్టి సైకిల్ మళ్లీ కడితే 70 కలిపి 121, అందులోంచి 45 తీస్తే 146 రోజులు. బ్యాంకులు సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను క్యాష్ క్రెడిట్ లెక్కలోకి తీసుకోవు. అంటే ఈ 24 లక్షల్లో మంచి భాగం మీద డీలరుకు బ్యాంకు నుంచి అప్పు పుట్టదు. జూన్‌లో సరుకు తెచ్చుకోవడానికి ఆ మేరకు చేతి డబ్బే వెతుక్కోవాలి.