ధర పెరిగిన బంగారం, ఖర్చుకు రాని లాభం

2024 మార్చి 31 నాటికి రిజర్వు బ్యాంకు బ్యాంకింగ్ విభాగం లెక్కల్లో 514.07 టన్నుల బంగారం ఉంది. దాని విలువను 2,74,714 కోట్ల రూపాయలుగా రాశారు. ఏడాది తిరిగేసరికి బంగారం 568.20 టన్నులైంది, విలువ 4,31,625 కోట్లకు చేరింది. బరువు పదో వంతు పెరిగితే విలువ 57 శాతం పెరిగిందన్నమాట. ఆ లెక్కలు బయటికొచ్చిన 2025 మే నెలలోనే, కేంద్ర ప్రభుత్వానికి దాదాపు 2.69 లక్షల కోట్ల మిగులు ఇస్తున్నట్టు రిజర్వు బ్యాంకు ప్రకటించింది. రెండు వార్తల్నీ పక్కపక్కన చదివితే బంగారం లాభమే ఢిల్లీకి వెళ్లిందనిపిస్తుంది. నిజానికి బంగారం ధర పెరిగినందుకు ఆ మిగులులో చేరిందేమీ లేదు.

ముందు ఆ విలువ ఎలా కట్టారో చూద్దాం. బంగారానికి అంతర్జాతీయ మార్కెట్ ధర కంటే ఎక్కువ విలువ చూపకూడదని రిజర్వు బ్యాంకు చట్టం చెబుతుంది. బ్యాంకు ఇంకాస్త జాగ్రత్తపడి లండన్ ధరలో 90 శాతమే లెక్కలోకి తీసుకుంటుంది. 2025 మార్చి ఆఖరున లండన్‌లో ఔన్సు ధర సుమారు 3,070 డాలర్లు, డాలరు సుమారు 85 రూపాయల 50 పైసలు. ఔన్సుకు 31.1 గ్రాముల చొప్పున లెక్కిస్తే గ్రాము 8,440 రూపాయల దాకా పడుతుంది. అందులో 90 శాతం 7,595. ఇప్పుడు బ్యాలెన్స్ షీట్‌లోని 4,31,625 కోట్లను 568.20 టన్నులతో భాగించి చూడండి, గ్రాముకు దాదాపు అంతే వస్తుంది. అంతకు ముందు ఏడాది ఇదే లెక్క గ్రాముకు 5,344 రూపాయలు.

కాబట్టి ఏడాది మొదట్లో ఉన్న 514 టన్నులు బీరువాలోంచి కదలకుండానే సుమారు 1.16 లక్షల కోట్లు పెరిగాయి. మిగతా 41 వేల కోట్ల చిల్లర కొత్తగా చేరిన 54 టన్నుల విలువ. ఆ 1.16 లక్షల కోట్లలోనూ సింహభాగం లండన్ ధరదే. ఔన్సు 2,214 డాలర్ల నుంచి 3,070కి వెళ్లింది. రూపాయి బలహీనపడటం వల్ల కలిసింది రెండున్నర శాతమే. నోట్లకు భరోసాగా ఇష్యూ విభాగంలో ఉంచిన మరో 311 టన్నులకు కూడా ఇదే పద్ధతి.

ఆస్తుల వైపు అంకె పెరిగితే రెండో వైపు కూడా ఎక్కడో అంతే పెరగాలి, లేకపోతే లెక్క కుదరదు. మామూలు కంపెనీ అయితే వాటాదారులు లాభమంటూ చెయ్యి చాస్తారు. రిజర్వు బ్యాంకు మాత్రం ఆ మొత్తాన్ని లాభనష్టాల ఖాతా గడప తొక్కనివ్వదు. ‘కరెన్సీ అండ్ గోల్డ్ రీవాల్యుయేషన్ అకౌంట్’ అనే వేరే ఖాతాలో జమ చేస్తుంది. డాలర్లు, యూరోల వంటి విదేశీ ఆస్తుల విలువ రూపాయల్లో పెరిగినప్పుడు వచ్చే తేడా కూడా ఇక్కడికే వస్తుంది. 2024 మార్చికే ఈ ఖాతాలో 11 లక్షల కోట్లకు పైగా ఉంది. చూడ్డానికి పెద్ద నిధిలా కనిపిస్తుంది గానీ అందులో విడిగా డబ్బేమీ ఉండదు. ఆస్తుల వైపు ఒకసారి లెక్కపెట్టిన బంగారాన్నే, విదేశీ ఆస్తుల్నే ఈ వైపు నుంచి చూపే అంకె అది. ఈ డబ్బు ఊరికే పడి ఉంది కదా, బడ్జెట్‌కు వాడుకోవచ్చు కదా అని అడిగేవాళ్లు పట్టించుకోనిది ఇదే. బంగారం అమ్మకుండా ఆ ఖాతాలోంచి ప్రభుత్వానికి సొమ్మివ్వడమంటే కొత్త రూపాయలు సృష్టించి ఇవ్వడమే. పేరు బంగారానిది, పని నోట్ల ముద్రణది. బిమల్ జలాన్ కమిటీ కూడా 2019లో ఈ ఖాతాను నష్టాలకు అడ్డుగోడగానే ఉంచాలి తప్ప పంచకూడదని చెప్పింది.

ఈ కట్టుబాటు మొదటినుంచీ ఇలాగే లేదు. 1990 అక్టోబరు 16 దాకా రిజర్వు బ్యాంకు తన బంగారాన్ని 10 గ్రాములు 84 రూపాయల 39 పైసల చొప్పున లెక్కగట్టేది. బజారు ధరతో దానికి ఏ సంబంధమూ లేదు. అందుకే 1990 మార్చిలో దేశం దగ్గరున్న 330 టన్నులకు పైబడిన బంగారం విలువ పుస్తకాల్లో 281 కోట్లే. అక్టోబరు 17 నుంచి అంతర్జాతీయ ధరకు దగ్గరగా లెక్క మొదలైంది. 1991 మార్చికల్లా అది 6,828 కోట్లయింది. బంగారం దాదాపు అంతే, అంకె మాత్రం 24 రెట్లు. అప్పటిదాకా జరిగిన ఇలాంటి సవరణల్లో తేలిన 6,495 కోట్లను రిజర్వ్ ఫండ్‌లో వేశారు. ప్రభుత్వం తొలినాళ్లలో ఇచ్చిన 5 కోట్లతో కలిపి అది 6,500 కోట్లు. నేటికీ బ్యాలెన్స్ షీట్‌లో ఆ అంకె అలాగే కనిపిస్తుంది. ఆ తర్వాతి హెచ్చుతగ్గులన్నీ పైన చెప్పిన ఖాతాకే వెళ్తున్నాయి. అయితే ఆ 24 రెట్లు 1991 సంక్షోభాన్ని తప్పించలేదు. చెల్లింపులకు డాలర్లు కావాల్సి వచ్చినప్పుడు దాదాపు 47 టన్నుల అసలు బంగారాన్నే విదేశాలకు పంపి కుదువపెట్టి 40.5 కోట్ల డాలర్లు తెచ్చుకోవాల్సి వచ్చింది.

మరి 2.69 లక్షల కోట్ల మిగులు ఎక్కడిది? విదేశీ బాండ్ల మీదా ప్రభుత్వ సెక్యూరిటీల మీదా వచ్చిన వడ్డీ, డాలర్లు అమ్మగా వచ్చిన లాభం. రూపాయి జారిపోకుండా ఆ ఏడాది బ్యాంకు భారీగా డాలర్లు అమ్మింది. వాటిని కొన్న సగటు ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా లక్ష కోట్లు దాటింది. అమ్మారు కాబట్టి అది చేతికొచ్చిన లాభం, ఆదాయంలో చేరింది. బంగారమైనా అమ్మితే ఇదే సూత్రం. కానీ ఆ ఏడాది బ్యాంకు కొనే పనిలో ఉండింది.

ఇంకో విచిత్రం ఉంది. ధర పెరిగిన బంగారం మిగులును పెంచకపోగా కొంత తగ్గిస్తుంది. ఆపత్కాలానికి రిజర్వు బ్యాంకు పక్కన పెట్టుకోవాల్సిన నిధిని మొత్తం బ్యాలెన్స్ షీట్‌లో ఇంత శాతమని నిర్ణయిస్తారు. 2024-25కు అది 7.5 శాతం. బంగారం వల్ల బ్యాలెన్స్ షీట్ లక్ష కోట్లు ఉబ్బితే ఆ నిధికి ఇంకో 7,500 కోట్లు కావాలి. దాన్ని చేతికొచ్చిన ఆదాయంలోంచే తీయాలి.

అన్ని దేశాలదీ ఒకే దారి కాదు. అమెరికా తన 26 కోట్లకు పైగా ఔన్సులను 1973 నుంచి ఔన్సు 42.22 డాలర్ల దగ్గరే ఆపేసింది. పుస్తకాల్లో దాని విలువ 1,100 కోట్ల డాలర్లే. స్విట్జర్లాండ్ దీనికి పూర్తి విరుద్ధం. అక్కడి జాతీయ బ్యాంకు 1,040 టన్నుల మీద వచ్చిన తేడాను అమ్మినా అమ్మకపోయినా నేరుగా లాభనష్టాల్లో చూపిస్తుంది. 2024లో ప్రకటించిన 8,070 కోట్ల ఫ్రాంకుల లాభంలో 2,120 కోట్లు బంగారానివే. అయినా ఫెడరల్ ప్రభుత్వానికీ కాంటన్లకూ కలిపి పంచింది 300 కోట్లే. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. 2013లో బంగారం ధర పడిపోయి ఒక్క ఆ పద్దులోనే 1,520 కోట్ల ఫ్రాంకుల నష్టం వచ్చింది. బ్యాంకు మొత్తంగా 910 కోట్ల నష్టంలో పడింది. ఏటా ఆ సొమ్ము మీద లెక్కలు వేసుకునే కాంటన్లకు ఆ ఏడాది ఒక్క ఫ్రాంకు కూడా రాలేదు.

మన దగ్గర ధర పడితే ఆ తేడాను ముందు రీవాల్యుయేషన్ ఖాతాలోంచే తీసేస్తారు, మిగులు జోలికి పోరు. ఆ ఖాతా సున్నా కంటే కిందికి దిగితేనే లోటును ఆకస్మిక నిధిలోంచి పూడుస్తారు. బంగారం ఒక్కటే పడితే అంతదాకా రాదు. బంగారంతో పాటు డాలరు కూడా రూపాయి ముందు గట్టిగా దిగిరావాలి.