కీమోలో ఏ మందు ముందు?

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. డాక్టర్లు క్లుప్తంగా ఏఎల్‌ఎల్ అంటారు. ఈ రక్త క్యాన్సర్‌కు ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్, ఆస్పరాజినేజ్ అనేవి రెండు. మెథోట్రెక్సేట్ ఇచ్చిన మర్నాడు ఆస్పరాజినేజ్ ఇస్తే మంచి ఫలితం ఉంటుంది. ముందు ఆస్పరాజినేజ్ ఇచ్చి, వెంటనే మెథోట్రెక్సేట్ ఇస్తే మాత్రం రెండో మందు పదును తగ్గిపోతుంది. మందులు అవే, మోతాదులు అవే. మారినదల్లా, మందు చేరేసరికి కణం ఏ పనిలో ఉందన్నదే.

ఒక కణం రెండు కావాలంటే నాలుగు దశలు దాటాలి. ప్రయోగశాలలో చురుగ్గా పెరిగే మనిషి కణానికి ఇందుకు దాదాపు 24 గంటలు పడుతుంది. మొదటిది జీ1 దశ. సుమారు 11 గంటలు కణం పెరుగుతూ, కావలసిన ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. తర్వాతది ఎస్ దశ. దాదాపు 8 గంటల్లో తన డీఎన్ఏ మొత్తానికి, అంటే సుమారు 600 కోట్ల అక్షరాలకు నకలు తీసుకుంటుంది. ఆ తర్వాత జీ2 దశలో ఓ నాలుగు గంటలు నకలు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుని విభజనకు సిద్ధమవుతుంది. చివరిదైన ఎం దశ గంటసేపే. జంటలుగా ఉన్న 46 క్రోమోజోములు విడివడి చెరో వైపుకు చేరతాయి, కణం రెండవుతుంది. ఇవి కాక జీ0 అనే విశ్రాంతి స్థితి కూడా ఉంది. అందులో ఉన్న కణం విభజన జోలికే పోదు.

కణాలన్నీ ఒకేసారి ఒకే దశలో ఉండవు. ఏ క్షణాన చూసినా కొన్ని జీ1లో, కొన్ని ఎస్‌లో, చాలా కొద్ది మాత్రమే ఎం దశలో ఉంటాయి. కీమో మందుల తీరుతెన్నులన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ఎస్ దశను దెబ్బతీసే మందుల కథలో మన భీమవరం బిడ్డ ఉన్నాడు. 1940లలో అమెరికాలోని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు, ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన పిల్లల్లో ల్యుకేమియా మరింత ముదురుతున్నట్టు గమనించాడు. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే పదార్థమైతే జబ్బును ఆపుతుందేమోనని ఆలోచించాడు. లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం అలాంటి పదార్థాన్ని తయారుచేసి ఇచ్చింది. దాని పేరు అమినాప్టెరిన్. ఫార్బర్ 1948 జూన్‌లో ప్రచురించిన నివేదికలో, అది వాడిన 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఇప్పుడు వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆ అమినాప్టెరిన్‌కు దగ్గరి చుట్టమే.

డీఎన్ఏ రాతలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన 'టి'ని తయారుచేయాలంటే కణానికి ఫోలేట్ కావాలి. వాడిన ఫోలేట్‌ను మళ్ళీ పనికొచ్చే రూపానికి తెచ్చే ఎంజైమును మెథోట్రెక్సేట్ పట్టేసుకుంటుంది. దాంతో 'టి' నిల్వ అయిపోయి, నకలు మధ్యలో ఆగి, కణం చచ్చిపోతుంది. అయితే ఆ సమయంలో జీ1లో ఉన్న కణం అప్పటికి నకలు తీసుకోవడం లేదు కనుక తప్పించుకుంటుంది. అందుకే ఎస్ దశ మందుల విషయంలో ఎంత ఇచ్చామన్నదానితో పాటు ఎంతసేపు ఒంట్లో నిలిపామన్నదీ ముఖ్యం. రక్తంలో మందు ఎక్కువసేపు ఉంటే, వెనక వచ్చే కణాలు కూడా ఒక్కొక్కటే ఎస్ దశలోకి అడుగుపెట్టి చిక్కుతాయి.

హై డోస్ మెథోట్రెక్సేట్ ఇచ్చే పద్ధతిలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. శరీర ఉపరితలం 0.8 చదరపు మీటర్లున్న పిల్లవాడికి, చదరపు మీటరుకు 5 గ్రాముల లెక్కన 4 గ్రాముల మందును 24 గంటల పాటు సెలైన్‌లో ఎక్కిస్తారు. అలాగే వదిలేస్తే నోటి పొర, పేగులు, ఎముక మజ్జ కూడా పాడవుతాయి. అవీ నిరంతరం విడిపోయే కణాలే మరి. కాబట్టి మందు మొదలైన 42వ గంట నుంచి ల్యుకోవోరిన్ ఇస్తారు. అది ఎంజైము అవసరం లేకుండానే కణానికి ఫోలేట్ అందిస్తుంది. త్వరపడి ఇస్తే క్యాన్సర్ కణాలూ బతికిపోతాయి, ఆలస్యమైతే మంచి కణాలు కోలుకోలేవు. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది ప్రధానంగా మూత్రపిండాల గుండా. అందుకే సెలైన్ బాగా ఎక్కిస్తూ, మూత్రం క్షారగుణంతో ఉండేలా చూస్తూ, రక్తంలో మందు మట్టాన్ని పదేపదే కొలుస్తారు. క్రియాటినిన్ పెరిగి, మందు మట్టం దిగకపోతే ప్రమాదం ఉన్నట్టే. అప్పుడు ల్యుకోవోరిన్ మోతాదు పెంచి, ఇంకా ఎక్కువ రోజులు ఇస్తారు.

ఇప్పుడు మొదటి చిక్కు సులువుగానే విడిపోతుంది. ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని మన కణాల్లో చాలావరకు సొంతంగా తయారుచేసుకుంటాయి. ల్యుకేమియా కణాలకు ఆ చేవ తక్కువ, రక్తంలో దొరికే దాని మీదే ఆధారపడతాయి. ఆస్పరాజినేజ్ రక్తంలోని ఆస్పరాజిన్‌ను విరగ్గొట్టేస్తుంది. ప్రొటీన్ల తయారీ ఆగి, కణం జీ1లోనే నిలిచిపోతుంది. ఎస్ దశలోకి వెళ్ళని కణాన్ని మెథోట్రెక్సేట్ ఏం చేయగలదు?

ఎం దశ మీద పనిచేసే మందు విన్‌క్రిస్టిన్. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చింది. విభజన వేళ క్రోమోజోములను అటూ ఇటూ లాగడానికి కణం సన్నని ప్రొటీన్ పోగులు అల్లుకుంటుంది. ఆ పోగులు అల్లుకోకుండా విన్‌క్రిస్టిన్ అడ్డుకుంటుంది. రొమ్ము క్యాన్సర్‌లో వాడే పాక్లిటాక్సెల్ ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. అల్లిన పోగులను విడిపోనివ్వదు. ఎలాగైనా కణం మధ్యలో ఇరుక్కుని చస్తుంది. నరాల్లోనూ అలాంటి పోగులే ఉండటం వల్ల విన్‌క్రిస్టిన్‌తో కాళ్ళు తిమ్మిరెక్కడం, మలబద్ధకం వస్తాయి. ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటకుండా ఇవ్వడం చాలాచోట్ల పద్ధతి. ఏఎల్‌ఎల్‌లో మెథోట్రెక్సేట్‌ను వెన్నులోకి కూడా ఇస్తారు. పొరపాటున విన్‌క్రిస్టిన్ వెన్నులోకి వెళితే దాదాపుగా ప్రాణం పోతుంది. ఆ పొరపాటుకు తావు లేకుండా దాన్ని సిరంజిలో కాక చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

సైక్లోఫాస్ఫమైడ్‌కు దశతో అంతగా పనిలేదు. డీఎన్ఏ పోగులు రెంటినీ అంటించేస్తుంది. తర్వాత ఎప్పుడో కణం నకలు తీయబోయినప్పుడు ఆ అంటు బయటపడుతుంది.

అయినా ఒక్క విడతతో జబ్బు పోదు. ఏఎల్‌ఎల్ బయటపడేసరికి ఒంట్లో లక్ష కోట్ల దాకా క్యాన్సర్ కణాలుండవచ్చు. ప్రతి విడతా కణాల్లో ఒక నిష్పత్తిని చంపుతుందని హోవర్డ్ స్కిపర్ ఎలుకల మీద ప్రయోగాలతో చూపాడు. 99.9 శాతం చచ్చినా వంద కోట్లు మిగులుతాయి. పైగా జీ0లో ఉన్నవి మేలుకునేదాకా మందుకు అందవు. అందుకే పరీక్షల్లో క్యాన్సర్ కనిపించకుండా పోయాక కూడా రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు వేస్తూ, మొత్తం చికిత్సను రెండు మూడేళ్ళు సాగిస్తారు. ఏ మాత్ర రోజూ, ఏది వారానికోసారి అన్నది ఇంట్లో అందరికీ తెలిసుండాలి. వారం మాత్రను రోజూ వేస్తే నోట్లో పుళ్ళు లేస్తాయి, రక్తకణాల కౌంట్ పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మెథోట్రెక్సేట్ వేసే వారాన్ని మాత్రల పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసుకోవడం మేలు.