‘మంచు రాజు’ ఎవరి కథ?

1891 శరదృతువులో, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పదకొండేళ్ల హెలెన్ కెల్లర్ ఒక కథ రాసింది. చూపు, వినికిడి లేని ఆ పిల్లకు ఆన్ సలివాన్ అరచేతిలో వేళ్ల గుర్తులతో అక్షరాలు కూర్చి మాటలు నేర్పడం మొదలుపెట్టి అయిదేళ్లు కూడా కాలేదు. మంచు రాజు దాచుకున్న రత్నాలు ఎండకు కరిగి చెట్ల ఆకులకు రంగులద్దడం ఆ కథ. ఇంట్లోవాళ్లు విని, “ఏదైనా పుస్తకంలో చదివావా?” అని అప్పుడే అడిగారు. కాదు, సొంతంగా రాశానంది హెలెన్.

బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాల అధిపతి మైకేల్ అనగ్నోస్‌కు అది పుట్టినరోజు కానుకగా వెళ్లింది. ఆయన మురిసిపోయి పాఠశాల పత్రికలో అచ్చు వేయించారు. కొద్దిరోజులకే, మార్గరెట్ కాన్బీ అనే రచయిత్రి అంతకుముందే రాసిన కథకు ఇది దాదాపు నకలని తేలింది. వరసా అదే, చాలాచోట్ల వాక్యాలూ అవే.

మరి హెలెన్ అబద్ధమాడిందా?

1892లో పాఠశాల విచారణ సంఘాన్ని కూర్చోబెట్టింది. సలివాన్‌ను బయటికి పంపి, హెలెన్‌ను రెండు గంటలపాటు ప్రశ్నించారు. కాన్బీ కథ విన్నట్టు తనకు గుర్తులేదని ఆమె ఎన్నిసార్లు చెప్పినా అనుమానం తీరలేదు. ఎనిమిదిమంది సభ్యులూ సగానికి సగం చీలిపోతే, అనగ్నోస్ తన ఓటు హెలెన్ పక్షాన వేశారు.

ఆ విచారణ జ్ఞాపకాన్నే పట్టుకు వేలాడింది. మరిచిపోయిన పిల్లా, దాచిపెట్టిన పిల్లా ఇచ్చే జవాబు ఒకటే కదా! అసలు ఆచూకీ వేరే దారిలో దొరికింది. 1888 వేసవిలో హెలెన్ మాసచూసెట్స్‌లోని బ్రూస్టర్‌లో సోఫియా హాప్కిన్స్ ఇంట్లో ఉంది. సలివాన్ లేని రోజుల్లో కాలక్షేపానికి హాప్కిన్స్ పుస్తకాలు చదివి వినిపించేది. కాన్బీ పుస్తకం వాటిలో ఉందని తర్వాత సలివాన్ ఆరా తీస్తే బయటపడింది. అందులోని చాలా మాటలకు అప్పటికి ఆ చిన్నపిల్లకు అర్థమే తెలియదు. అయినా వాక్యాలు మనసులో నిలిచిపోయి, మూడేళ్లకు తన సొంతవేనన్న భ్రమతో బయటికొచ్చాయి.

దీనికి మరో సాక్ష్యం హెలెన్ పాత ఉత్తరాల్లోనూ ఉంది. 1889 సెప్టెంబర్ 29న స్వయంగా అనగ్నోస్‌కే రాసిన ఉత్తరంలో కాన్బీ పుస్తకంలోని మాటలు, భావాలు యథాతథంగా కనిపిస్తాయి. ‘మంచు రాజు’కి రెండేళ్ల ముందే, ఎవరినీ మోసగించే అవసరం లేనప్పుడే, అవి ఆమె రాతలో చేరిపోయాయన్నమాట. అనుమానం వచ్చిన రచనను అదే విద్యార్థి పాత రాతల పక్కన పెట్టి చూస్తే ఇలాంటి ఆధారం దొరకొచ్చు. అయితే మాటలు ఎప్పటినుంచి ఉన్నాయో అది చెబుతుంది గానీ, ఎక్కడినుంచి వచ్చాయో చెప్పదు. దానికి బ్రూస్టర్‌లో చదివిన పుస్తకం ఆచూకీ తీయాల్సిందే.

మొదట హెలెన్‌ను వెనకేసుకొచ్చిన అనగ్నోస్ తర్వాత మాట మార్చారు. కాన్బీ మాత్రం ఆమెకు ఆప్యాయంగా ఉత్తరం రాసింది. ఆ తర్వాత చాలాకాలం హెలెన్ అమ్మకు ఉత్తరం రాస్తున్నా, ఈ వాక్యం ఎక్కడో చదివిందేమోనని మళ్లీ మళ్లీ సరిచూసుకునేది.