ఎక్కువ కొంటే తక్కువ ధర: ఎంత వరకు లాభం?

సరుకు ఒకేసారి ఎక్కువ కొంటే ధర తగ్గిస్తామని సరఫరాదారు చెప్పినప్పుడు, ఆ తగ్గింపు బిల్లు మీద వెంటనే కనిపిస్తుంది. సరుకును నెలల తరబడి గోదాములో ఉంచడానికి అయ్యే ఖర్చు మాత్రం ఏ బిల్లులోనూ ఉండదు. అందుకే ఎంత సరుకు ఆర్డర్ చేయాలో ధరల పట్టిక చూసి తేల్చడం కుదరదు. ఒక్కో పరిమాణానికి ఏడాది మొత్తం ఖర్చు ఎంతవుతుందో లెక్కకట్టి పోల్చుకోవాలి.

ఈ లెక్కకు మూలం 1913లో అమెరికన్ ఇంజనీరు ఫోర్డ్ హారిస్ ప్రచురించిన సూత్రం. ఎంత సరుకు తెప్పించినా ఆర్డర్‌కు ఇంత అని పడే ఖర్చు ఒకటి ఉంటుంది. సరుకును ఏడాదిపాటు నిల్వ ఉంచడానికి అయ్యే ఖర్చు ఇంకొకటి. పెద్ద ఆర్డర్లు పెడితే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది, చిన్న ఆర్డర్లు పెడితే రెండోది తగ్గి మొదటిది పెరుగుతుంది. రెండూ సమానమైన చోట వాటి మొత్తం అతి తక్కువగా ఉంటుంది. ఆ పరిమాణాన్నే మితవ్యయ ఆర్డరు పరిమాణం అంటారు, వాడుకలో ఈఓక్యూ.

```
Q = √(2 × D × S ÷ H)
```

ఇందులో D ఏడాది అవసరం, S ఒక్కో ఆర్డర్‌కు అయ్యే ఖర్చు, H ఒక్క వస్తువును ఏడాది నిల్వ ఉంచే ఖర్చు. సూత్రం మాత్రం వస్తువు ధర ఎప్పుడూ ఒక్కటేనని అనుకుంటుంది. పరిమాణాన్ని బట్టి ధర మారితే, కొనుగోలు ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఉదాహరణకు ఒక చిన్న పచ్చళ్ల తయారీ యూనిట్‌ను తీసుకుందాం. మామిడికాయ పచ్చడి వేసవిలోనే కలిపి డ్రమ్ముల్లో ఉంచినా, సీసాల్లో నింపడం అమ్మకాలను బట్టి ఏడాది పొడవునా సాగుతుంది. కాబట్టి గాజు సీసాల అవసరం నిలకడగా ఉంటుంది, ఏడాదికి 24,000. డెలివరీ చార్జీ, ఆర్డర్ పని, వచ్చిన సరుకు తనిఖీ కలిపి ఒక్కో ఆర్డర్‌కు రూ.600 అవుతుంది. సీసాల లెక్కన ఇచ్చే దింపుడు కూలిని ఇందులో కలపకూడదు. ఎన్ని ఆర్డర్లుగా తెప్పించినా ఆ కూలి ఏడాదికి అంతే ఉంటుంది. పెట్టుబడి మీద వడ్డీ, చోటు అద్దె, పగిలిపోయేవి కలిపి నిల్వ ఖర్చు సరుకు విలువలో ఏడాదికి 25 శాతం అనుకుందాం. సరఫరాదారు ధరలు ఇలా ఉన్నాయి: 4,000 లోపు ఆర్డర్‌కు సీసా రూ.20, 4,000 నుంచి రూ.19.60, 12,000 నుంచి రూ.19.40. ఆర్డర్ ఏ స్థాయికి చేరితే ఆ ధర ఆర్డర్‌లోని అన్ని సీసాలకూ వర్తిస్తుంది.

లెక్కను అతి తక్కువ ధర దగ్గర మొదలుపెట్టాలి. రూ.19.40 ధరకు ఒక సీసా నిల్వ ఖర్చు రూ.4.85. సూత్రం ప్రకారం ఈఓక్యూ 2,437 సీసాలు వస్తుంది. అయితే 12,000 కొంటే తప్ప ఈ ధర దక్కదు కాబట్టి ఆ సంఖ్య చెల్లదు. రూ.19.60 దగ్గర 2,424 వస్తుంది. ధర దక్కాలంటే 4,000 కావాలి, కనుక అదీ చెల్లదు. రూ.20 దగ్గర నిల్వ ఖర్చు రూ.5, ఈఓక్యూ సరిగ్గా 2,400. ఆ ధర 4,000 లోపు ఆర్డర్లకే కాబట్టి ఇది చెల్లుతుంది. చెల్లే ఈఓక్యూ దొరికిన చోట వెతుకులాట ఆపేయవచ్చు. దానితో పోల్చవలసినవి అంతకంటే పైనున్న ధర మారే గీతలు మాత్రమే, అంటే 4,000, 12,000.

మధ్యలో ఉన్న 5,000నో, 14,000నో ఎందుకు పరీక్షించనక్కర్లేదంటే, ఒక ధరలో ఈఓక్యూ దాటాక పరిమాణం పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. తగ్గింపు ధర కోసం ఈఓక్యూ దాటి వెళ్లవలసి వస్తే, ఆ ధర దక్కే కనీస పరిమాణం దగ్గరే ఆగడం మేలు.

ఇప్పుడు ఏడాది మొత్తం ఖర్చులు. 2,400 చొప్పున కొంటే సరుకుకు రూ.4,80,000, పది ఆర్డర్లకు రూ.6,000. సగటు నిల్వ ఆర్డర్‌లో సగం, అంటే 1,200 సీసాలు కనుక నిల్వకు ఇంకో రూ.6,000. మొత్తం రూ.4,92,000. 4,000 చొప్పున కొంటే సరుకుకు రూ.4,70,400, ఆరు ఆర్డర్లకు రూ.3,600, నిల్వకు రూ.9,800, మొత్తం రూ.4,83,800. 12,000 చొప్పున కొంటే సరుకుకు రూ.4,65,600, రెండు ఆర్డర్లకు రూ.1,200, నిల్వకు రూ.29,100, మొత్తం రూ.4,95,900.

ఈ మూడింటిలో 4,000 గెలిచింది. అన్నిటికంటే చౌక ధర ఉన్న 12,000 ఆర్డరే ఏడాది మొత్తం మీద అన్నిటికంటే ఖరీదైనది. అసలు తగ్గింపే తీసుకోకుండా 2,400 చొప్పున కొన్నా దానికంటే రూ.3,900 తక్కువే అవుతుంది. మొదటి తగ్గింపు లాభించడానికి కారణం, ఈఓక్యూ చుట్టుపక్కల ఖర్చు నెమ్మదిగా మారడం. 2,400 నుంచి 4,000కు జరిగితే ఆర్డర్, నిల్వ ఖర్చులు రెండూ కలిపి రూ.12,000 నుంచి రూ.13,400కే పెరిగాయి. ఐదు రెట్లు దూరం జరిగినప్పుడు అవి రూ.30,300 అయ్యాయి.

ఈ లెక్కలో అన్నిటికంటే తేలిగ్గా తప్పేది నిల్వ ఖర్చు శాతమే. బ్యాంకు వడ్డీ ఒక్కటే వేసుకుని 9 శాతం అని రాస్తే తీర్పు తారుమారై 12,000 గెలుస్తుంది. ఈ ఉదాహరణలో ఆ మలుపు దాదాపు 9.3 శాతం దగ్గర ఉంది. కాబట్టి ఆ శాతాన్ని కొంచెం అటూ ఇటూ మార్చి లెక్క మళ్లీ వేసి చూడటం మంచిది. 20 వేసినా 30 వేసినా ఇక్కడ 4,000 మీదే నిలబడుతుంది కనుక ఆ నిర్ణయాన్ని నమ్మవచ్చు. చోటు విషయం వేరు. 12,000 సీసాలకు ఇంకో గది అద్దెకు తీసుకోవలసి వస్తే, ఆ అద్దెను శాతంలో కలపకుండా ఆ ఎంపికకే నేరుగా జోడించాలి.

తగ్గింపు షరతునూ జాగ్రత్తగా చదవాలి. కొందరు తక్కువ ధరను గీత దాటిన సీసాలకే ఇస్తారు, మొదటి 4,000కు రూ.20 చొప్పునే తీసుకుంటారు. అప్పుడు ఒక్కో ఆర్డర్‌లో ఆ 4,000 సీసాల మీద సీసాకు 40 పైసలు, అంటే రూ.1,600 అదనంగా కట్టినట్టు లెక్క. అది ఆర్డర్ ఖర్చులో కలిసి రూ.600 కాస్తా రూ.2,200 అవుతుంది. ఈఓక్యూ 4,642కు చేరి, ఏడాది మొత్తం రూ.4,93,300 దాటుతుంది. రెండో గీత దాటాలన్నా అక్కడి ఈఓక్యూ 12,000 కంటే చాలా తక్కువగా వస్తుంది కనుక చెల్లదు. అంటే ధరల పట్టిక అదే అయినా, ఈ షరతు మీద 2,400 చొప్పున పాత ధరకే కొనడం మేలు.

అవసరం ఏడాది పొడవునా సమానంగా లేని సరుకుకు ఈ పద్ధతి సరిపోదు. సంక్రాంతి కానుకల కోసం మాత్రమే కావలసిన ప్రత్యేక పెట్టెలకు ఏడాది సగటు నిల్వ అన్నదానికే అర్థం ఉండదు. అలాంటి వాటికి నెలవారీ అవసరాలు వేరుగా రాసుకుని, ఏ నెల ఆర్డర్‌లో ఎన్ని నెలల సరుకు కలపాలో చూసే మరో రకం లెక్క వేయాలి.