అడ్వైజర్‌కి ఉత్తరం ఎప్పుడు రాయాలి?

టెక్సస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ చేస్తున్న అమ్మాయి క్రిస్మస్ సెలవులకి విజయవాడ వచ్చిందనుకుందాం. ఎలాగూ వచ్చాం కదా, సంక్రాంతి చూసుకునే వెళ్దామని తిరుగు టికెట్ జనవరి 17కి తీసుకుంది. స్ప్రింగ్ సెమిస్టరు తరగతులు 20న మొదలు. కొత్త కోర్సులు చేర్చుకోవడానికి ఆఖరి తేదీ 28. నవంబరులోనే రెండు కోర్సులు తీసుకుంది, మూడోది మిగిలింది. జనవరి 5 రాత్రి పోర్టల్ తెరిచి మూడో కోర్సు చేర్చబోతే అడ్డం తగిలింది. మొదటి సెమిస్టరు పూర్తయ్యాక డిగ్రీ ప్లాన్ ఇవ్వలేదని డిపార్ట్‌మెంట్ ఆమె ఖాతా మీద అడ్వైజింగ్ హోల్డ్ పెట్టింది. అడ్వైజర్‌ని కలిస్తేగానీ అది తొలగదు.

ఇరవై మూడు రోజులుంది కదా, వెళ్లాక కలవచ్చులే అనిపిస్తుంది. చాలామంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. క్యాలెండరులో కనిపించే 28 అన్నది బటన్ నొక్కడానికి ఆఖరి రోజు. ఆ బటన్ పనిచేయాలంటే ముందు జరగాల్సినవి కొన్ని ఉన్నాయి. కాబట్టి రోజుల్ని 28 నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

ఆమె తీసుకోవాలనుకున్న కోర్సుకి అల్గారిథమ్స్ ముందే చదివి ఉండాలన్న షరతు ఉంది. బీటెక్‌లో చదివింది, మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ సంగతి అక్కడి కంప్యూటర్‌కి తెలియదు. మన దగ్గర చదివిన సబ్జెక్టులు వాళ్ల రికార్డులో విడివిడిగా ఎక్కవు. అందుకని ఆ కోర్సు చెప్పే ప్రొఫెసరో, డిపార్ట్‌మెంటో ప్రీరిక్విజిట్ మినహాయింపు ఇవ్వాలి. ప్రొఫెసర్ జవాబివ్వడానికి రెండు మూడు రోజులు, ఆఫీసు దాన్ని సిస్టమ్‌లో ఎక్కించడానికి ఇంకో రోజు వేసుకుందాం. అంటే 22 నాటికైనా అడగడం అయిపోవాలి. తరగతులు మొదలైన వారంలో అడ్వైజింగ్ ఆఫీసు దగ్గర జాతరే. చాలాచోట్ల ఆ వారం అపాయింట్‌మెంట్లు ఇవ్వరు, వచ్చినవాళ్లని వరసలో కూర్చోబెట్టి తలా పది నిమిషాలు మాట్లాడి పంపిస్తారు. దానికి ముందు 19వ తేదీ సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. 17, 18 శని ఆదివారాలు. ఇలా ఒక్కో రోజూ కొట్టేస్తూ వస్తే ఆమెకి నిజంగా మిగిలింది జనవరి 6 నుంచి 16 దాకా. ఆ రోజుల్లో ఆమె ఉండేది విజయవాడలో.

ఊళ్లో లేకపోయినా పర్వాలేదు, చాలామంది అడ్వైజర్లు వీడియోలో మాట్లాడతారు. గడియారం దగ్గర మాత్రం జాగ్రత్తపడాలి. చలికాలంలో టెక్సస్‌లో ఎక్కువ భాగం మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ పొద్దున పది అంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అక్కడ మధ్యాహ్నం మూడు అంటే ఇక్కడ తేదీ మారి తెల్లవారుజామున రెండున్నర. బుకింగ్ పేజీ కొన్నిసార్లు మన ఫోన్ టైము చూపిస్తుంది, కొన్నిసార్లు యూనివర్సిటీ టైము చూపిస్తుంది. ఏది చూపిస్తోందో పేజీలో ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూసుకోకుండా రాత్రంతా కెమెరా ముందు కూర్చున్నవాళ్లున్నారు.

ఇక ఉత్తరం. అడ్వైజర్ అంటే చాలాచోట్ల ప్రొఫెసర్ కాదు. ఈ పనికే నియమించిన ఉద్యోగి. ఆయన చేతి కింద వందల మంది విద్యార్థులుంటారు. మన పిల్లలు రాసే ఉత్తరం సాధారణంగా ఎలా ఉంటుందంటే, గౌరవనీయులైన అయ్యగారికి అని మొదలై, నేను ఫలానా, కోర్సుల విషయంలో కొన్ని సందేహాలున్నాయి, దయచేసి వీలైనంత త్వరగా అపాయింట్‌మెంట్ ఇప్పించగలరు అని ముగుస్తుంది. వినయానికి లోటు లేదు. పని జరిగే దారి మాత్రం అందులో లేదు. ఎవరు, ఏ ప్రోగ్రామ్, ఏ కోర్సు, ఎప్పటిలోగా అన్నది ఆయన మళ్లీ రాసి అడగాలి. దానికి మన జవాబు వెళ్లాలి. టైము తేడా వల్ల ఈ ఒక్క రౌండుకే రెండు రోజులు పోతాయి.

ఆ అమ్మాయి రాయాల్సింది ఇంగ్లీషులోనే అనుకోండి, సారాంశం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. విషయం గడిలో: స్ప్రింగ్ రిజిస్ట్రేషన్, అడ్వైజింగ్ హోల్డ్, జనవరి 28 ఆఖరి తేదీ. లోపల:

"నేను కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ రెండో సెమిస్టరు విద్యార్థిని, నా స్టూడెంట్ ఐడీ ఇది. నా ఖాతా మీద అడ్వైజింగ్ హోల్డ్ ఉంది. రెండు కోర్సులు తీసుకున్నాను, ఆరు క్రెడిట్లయ్యాయి. ఎఫ్-1 వీసా మీద ఉన్నాను కాబట్టి తొమ్మిది క్రెడిట్లు కావాలి. మూడోదిగా మెషీన్ లెర్నింగ్ అనుకుంటున్నాను, అది కుదరకపోతే డేటాబేస్ కోర్సు. డిగ్రీ ప్లాన్ నింపి జత చేశాను. 16వ తేదీ దాకా ఇండియాలో ఉంటాను. మీ టైము ప్రకారం ఉదయం 8 నుంచి 11 మధ్య ఏ రోజైనా 15 నిమిషాలు వీడియోలో మాట్లాడగలను. ప్లాన్ చూశాక మీటింగ్ అక్కర్లేదనిపిస్తే హోల్డ్ తీసేసినా సరిపోతుంది."

ఆ చివరి వాక్యమే నాకు అన్నిటికంటే నచ్చింది. అడ్వైజర్‌కి కావాల్సిన కాగితం చేతిలో ఉంటే కొన్నిసార్లు మీటింగ్ లేకుండానే పని అయిపోతుంది. కోర్సు పేరుతో పాటు దాని నంబరు, సెక్షన్ నంబరు కూడా రాయాలి, ఎందుకంటే ఒకే కోర్సుకి మూడు నాలుగు సెక్షన్లుంటాయి. ఉత్తరం యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్ నుంచే వెళ్లాలి. సొంత జీమెయిల్ నుంచి వచ్చిన ఉత్తరానికి చాలామంది అడ్వైజర్లు వివరాలతో జవాబివ్వరు. 1974 నాటి ఫెర్పా అనే చట్టం ప్రకారం విద్యార్థి రికార్డు విద్యార్థిది. రాసింది ఆ విద్యార్థే అని నమ్మకం కుదరాలి. నాన్నగారు ఫోన్ చేసి మా అమ్మాయి రిజిస్ట్రేషన్ సంగతేంటని అడిగినా ఇదే అడ్డు. ఫీజు కట్టేది తండ్రే కావచ్చు, అయినా కాలేజీలో చేరిన విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఆఫీసు సాధారణంగా నోరు విప్పదు.

ప్రీరిక్విజిట్ ఉత్తరం ప్రొఫెసర్‌కి వేరుగా, అదే రోజు వెళ్లాలి. హోల్డ్ తొలగాక రాద్దామని ఆగితే ఒకదాని వెనక ఒకటిగా రోజులు పోతాయి. మార్కుల జాబితాలో అల్గారిథమ్స్ అన్న పేరు చూసి ప్రొఫెసర్ తృప్తిపడకపోవచ్చు. ఆ పేపర్లో ఏం చెప్పారో ఆయనకి కావాలి. ఇక్కడ మన జేఎన్‌టీయూ విద్యార్థులకి ఒక సౌకర్యం ఉంది. రెగ్యులేషన్ ప్రకారం సిలబస్ పీడీఎఫ్‌గా దొరుకుతుంది. అందులో యూనిట్లవారీగా పాఠాలు, టెక్స్ట్ పుస్తకాల పేర్లు ఉంటాయి. రెండు వందల పేజీల పుస్తకం మొత్తం పంపితే ఎవరూ చదవరు. ఆ ఒక్క పేజీ విడదీసి, మార్కుల జాబితాలో ఆ వరసకి గీత గీసి పంపితే ప్రొఫెసర్‌కి రెండు నిమిషాల పని.

ఈలోగా మెషీన్ లెర్నింగ్ సెక్షన్ నిండిపోయి వెయిట్ లిస్టు మొదలైందనుకుందాం. ఇక్కడ రెండు మెలికలున్నాయి. వెయిట్ లిస్టులో ఉన్న కోర్సు క్రెడిట్లు లెక్కలోకి రావు. పోర్టల్లో మూడు కోర్సుల పేర్లు కనిపిస్తున్నా ఆమె ఇంకా ఆరు క్రెడిట్ల మీదే ఉన్నట్టు. రెండోది, సీటు ఖాళీ అయినప్పుడు చాలాచోట్ల కంప్యూటరే వరసలో ముందున్నవాళ్లని చేరుస్తుంది. కానీ ఖాతా మీద హోల్డ్ ఉంటే, లేదా అదే వేళకి ఇంకో తరగతి ఉంటే, మొదటి స్థానంలో ఉన్నా వదిలేసి వెనకవాళ్లకి ఇచ్చేస్తుంది. అందుకే హోల్డ్ ఒక్క రోజు ముందు తొలగినా తేడా పడుతుంది.

డేటాబేస్ కోర్సు ఆన్‌లైన్‌లో మాత్రమే ఉంటే? ఎఫ్-1 నిబంధన ప్రకారం పూర్తి లోడు లెక్కలో ఒక సెమిస్టరుకి ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లు, మాత్రమే చెల్లుతుంది. ఆమె మిగతా రెండూ తరగతి గదిలో జరిగేవే కాబట్టి ఇబ్బంది లేదు. రెండు ఆన్‌లైన్ అయితే తొమ్మిది క్రెడిట్లు కాగితం మీద ఉన్నా వీసా లెక్కలో ఆరే. బ్యాచిలర్స్ వాళ్లకి పన్నెండు క్రెడిట్లని నిబంధనే చెబుతుంది. మాస్టర్స్‌లో ఎంత అన్నది యూనివర్సిటీ నిర్ణయం, చాలాచోట్ల తొమ్మిది.

ఈ వీసా సంగతి అడ్వైజర్‌ని అడిగితే మంచి మనసుతోనే తప్పు చెప్పే ప్రమాదం ఉంది. కోర్సులు చూసే మనిషి వేరు, వీసా రికార్డు చూసే మనిషి వేరు. రెండోవారిని డీఎస్‌ఓ అంటారు, ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉంటారు. సెమిస్టరు మొదలైన 30 రోజుల్లోగా విద్యార్థి పూర్తి లోడుతో చదువుతున్నట్టు ప్రభుత్వ సెవిస్ వ్యవస్థలో నమోదు చేసేది వాళ్లే. "ఈ కోర్సు బరువుగా ఉంది, వదిలేయ్" అని అడ్వైజర్ అనొచ్చు. చదువు పరంగా అది సరైన సలహానే కావచ్చు. కానీ తొమ్మిది నుంచి ఆరుకి దిగాలంటే డీఎస్‌ఓ అనుమతి ముందే రికార్డులో పడాలి. ముందు వదిలేసి తర్వాత చెబితే స్టేటస్ పోయే ప్రమాదం ఉంది. ఆ అనుమతికి దొరికే కారణాలు కూడా కొద్దే: అనారోగ్యం, అక్కడి బోధన పద్ధతి కొత్త కావడం లాంటి తొలి ఇబ్బందులు, కోర్సు స్థాయి తప్పుగా ఎంచుకోవడం, ఆఖరి సెమిస్టరులో అంతే మిగలడం. సీటు దొరకలేదన్నది ఈ జాబితాలో లేదు. డేటాబేస్‌ని రెండో ఎంపికగా మొదటి ఉత్తరంలోనే రాయడం ఇందుకే.

మీటింగ్ అయ్యాక అడ్వైజర్ సరే అన్నారు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. సరే అనడంతో రిజిస్ట్రేషన్ అవదు. పోర్టల్లో హోల్డ్ మాయమైందో లేదో చూసి, కోర్సు తానే చేర్చుకుని, మొత్తం తొమ్మిది క్రెడిట్లు చూపిస్తోందని సరిచూసుకోవాలి. అదే సాయంత్రం ఆయనకి రెండు వాక్యాలు రాయాలి: మనం అనుకున్నది ఇది, నేను చేర్చుకున్నది ఇది. రేపు ఏదైనా తేడా వస్తే చూపించడానికి ఆ రెండు వాక్యాలే మిగులుతాయి.

జవాబే రాకపోతే? అక్కడి రెండు పనిదినాలు ఆగి, అదే ఉత్తరం కిందే ఇంకోసారి రాయాలి, కొత్తగా మొదలుపెట్టకూడదు. అప్పటికీ లేకపోతే అడ్వైజింగ్ ఆఫీసుకి ఫోన్ చేయాలి. ఆయన సెలవులో ఉంటే ఆయన బదులు ఎవరు చూస్తున్నారో చెబుతారు. ఒకే ఉత్తరాన్ని అడ్వైజర్‌కీ, డీన్‌కీ, డిపార్ట్‌మెంట్ హెడ్‌కీ కలిపి పంపడం మనవాళ్లకి అలవాటు. ముగ్గురూ ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటారు. 28 దాటిపోయాక దారి పూర్తిగా మూసుకుపోదు. లేట్ యాడ్ అని ఒక దరఖాస్తు ఉంటుంది, ప్రొఫెసర్ సంతకం, డిపార్ట్‌మెంట్ సంతకం కావాలి, కొన్నిచోట్ల రుసుమూ ఉంటుంది. దాన్ని పరిశీలించేవాళ్లు మొదట అడిగేది, ఆఖరి తేదీకి ముందు మీరేం ప్రయత్నం చేశారని. జనవరి 6న వెళ్లిన ఉత్తరం ఉంటే దాన్నే జత చేయొచ్చు.