విదేశంలో కంపెనీ: శాఖ ఏది, అనుబంధ సంస్థ ఏది

ఒక కంపెనీ పరాయి దేశంలో వ్యాపారం చేయాలంటే సాధారణంగా రెండు దారులుంటాయి. తానే అక్కడికి వెళ్లి, ఆ దేశపు కంపెనీల రిజిస్ట్రారు దగ్గర తన పేరే నమోదు చేయించుకుని శాఖ తెరవడం మొదటిది. ఆ దేశ చట్టం కింద కొత్త కంపెనీని స్థాపించి, దాని వాటాలను తన చేతిలో ఉంచుకోవడం రెండోది. ఈ రెండో రకాన్నే అనుబంధ సంస్థ అంటారు. బోర్డు, లోగో, వెబ్‌సైటు రెండింటికీ ఒకేలా ఉండవచ్చు. చట్టం మాత్రం వాటిని ఒకేలా చూడదు. శాఖ అంటే ఆ విదేశీ కంపెనీయే, దానికి విడిగా అస్తిత్వం లేదు. అనుబంధ సంస్థ మాత్రం తన పేరు మీద ఆస్తి కొనగల, అప్పు చేయగల, కోర్టుకెక్కగల వేరే వ్యక్తి.

ఈ తేడా ఎక్కడ బయటపడుతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ లండన్‌లో ఆఫీసు అద్దెకు తీసుకుందనీ, రెండేళ్ల తర్వాత అద్దె కట్టడం మానేసిందనీ అనుకుందాం. అక్కడ ఉన్నది శాఖ అయితే, లీజు మీద సంతకం హైదరాబాద్ కంపెనీదే. ఇంటి యజమాని దాని మీదే దావా వేయవచ్చు. బకాయికి లండన్‌లోని కుర్చీలు, కంప్యూటర్లే కాదు, కంపెనీ ఆస్తి మొత్తం బాధ్యత వహిస్తుంది. అదే అనుబంధ సంస్థ అయితే, అప్పు ఆ లండన్ కంపెనీది మాత్రమే. దాని ఖాతాలో డబ్బు లేకపోతే, వాటాలన్నీ హైదరాబాద్ కంపెనీవే అయినా యజమాని అంత దూరం చేయి చాపలేడు. కంపెనీ వేరు, దాని వాటాదారు వేరు అన్న ఈ సూత్రాన్ని బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ 1896లో సాలమన్ కేసులో ఖాయం చేసింది. అందుకే తెలివైన ఇంటి యజమానులు, అప్పిచ్చేవాళ్లు అనుబంధ సంస్థతో ఒప్పందం చేసుకునేటప్పుడు మాతృసంస్థ నుంచి విడిగా హామీ పత్రం రాయించుకుంటారు.

రెండు రూపాలూ పక్కపక్కనే కనబడే మంచి ఉదాహరణ భారతీయ స్టేట్ బ్యాంకు. దాని పూర్వరూపమైన ఇంపీరియల్ బ్యాంకు కాలంలో, 1921 నుంచే లండన్‌లో దానికి కార్యాలయం ఉంది. చాలాకాలం అక్కడి వ్యాపారమంతా శాఖగానే నడిచింది. స్థానికుల పొదుపు డిపాజిట్లు పెద్ద ఎత్తున తీసుకునే విదేశీ బ్యాంకులు ప్రత్యేక కంపెనీగా ఉండడమే మేలన్నది బ్రిటన్ నియంత్రణాధికారుల ధోరణి. 2018 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంకు తన రిటైల్ వ్యాపారాన్ని స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా (యూకే) లిమిటెడ్ అనే బ్రిటిష్ కంపెనీకి మార్చింది. పెద్ద సంస్థలతో జరిపే లావాదేవీలు లండన్ శాఖ దగ్గరే ఉండిపోయాయి. అప్పటి నుంచి అక్కడి సామాన్య డిపాజిటుదారుకు బాకీ ఉన్నది యూకే లిమిటెడ్, శాఖతో లావాదేవీ చేసే కంపెనీకి బాకీ ఉన్నది ముంబైలో ప్రధాన కార్యాలయం ఉన్న స్టేట్ బ్యాంకు.

ఎవరు ఎవరో తేల్చుకోవడానికి బ్రిటన్‌లో కంపెనీస్ హౌస్ రిజిస్టరు ఉంది. దాన్ని ఎవరైనా ఉచితంగా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. మొదట చూడాల్సింది నమోదు సంఖ్య. విదేశీ కంపెనీ బ్రిటన్‌లో శాఖ తెరిస్తే నెలలోపు నమోదు చేసుకోవాలి. అప్పుడు రెండు సంఖ్యలు వస్తాయి. FC తో మొదలయ్యేది ఆ విదేశీ కంపెనీకి, BR తో మొదలయ్యేది అక్కడ అది తెరిచిన శాఖకు. మరో శాఖ తెరిస్తే మరో BR సంఖ్య వస్తుంది, FC సంఖ్య మాత్రం మారదు. ఇంగ్లండ్‌లో స్థాపించిన అనుబంధ సంస్థకు అక్కడి ఏ ఇతర కంపెనీకైనా ఇచ్చే మామూలు ఎనిమిది అంకెల సంఖ్యే ఉంటుంది. స్కాట్లాండ్‌లో స్థాపిస్తే ముందు SC అని ఉంటుంది.

సంఖ్య తర్వాత చూడాల్సినవి దాఖలు చేసిన కాగితాలు. అనుబంధ సంస్థ పేజీలో దాన్ని స్థాపించిన రోజు పెట్టిన దరఖాస్తు ఉంటుంది. మొదటి వాటాలు ఎవరు తీసుకున్నారో, ఎన్ని తీసుకున్నారో అందులో కనబడుతుంది. శాఖకు సొంత వాటాలంటూ ఉండవు. దాని రికార్డులో కనబడేవి మాతృదేశంలో కంపెనీ నమోదైన చోటు, దాని నియమావళి నకలు, బ్రిటన్‌లో దాని తరఫున కోర్టు కాగితాలు అందుకునే వ్యక్తి పేరు లాంటివి. డైరెక్టర్లుగా కనబడేదీ మాతృసంస్థ బోర్డే.

జమాఖర్చుల దగ్గరే చాలామంది బోల్తాపడతారు. శాఖ పేరు కింద దాఖలయ్యేవి సాధారణంగా మొత్తం కంపెనీ లెక్కలు. అందులో వేల కోట్ల టర్నోవరు కనబడితే అది లండన్ ఆఫీసు సంపాదన కాదు, కంపెనీ అన్నిచోట్లా చేసిన వ్యాపారం. అనుబంధ సంస్థ లెక్కల్లో దాని సొంత ఆస్తులు, అప్పులే ఉంటాయి. మాతృసంస్థ ఎంత పెద్దదైనా ఈ లెక్కల్లో మూలధనం ఒక్క పౌండే కావచ్చు. సరుకు అరువిచ్చే వ్యాపారి చూసుకోవాల్సింది ఈ చిన్న అంకెనే.

పేరు చివర లిమిటెడ్ ఉందా లేదా అన్నది నమ్మదగిన గుర్తు కాదు. స్టేట్ బ్యాంకు ప్రత్యేక చట్టం కింద ఏర్పడింది కాబట్టి దాని పేరులో ఆ మాట లేదు. మామూలు భారతీయ కంపెనీ పేరులోనైతే అది ఎటూ ఉంటుంది. అలాంటి కంపెనీ లండన్‌లో శాఖగా నమోదైనా బోర్డు మీద లిమిటెడ్ అనే కనబడుతుంది. అందుకే విదేశీ కంపెనీ తన వ్యాపార స్థలంలో పేరుతోపాటు తాను ఏ దేశంలో నమోదైందో కూడా రాయాలని అక్కడి నిబంధన.

మన దగ్గరా ఇదే పద్ధతి. విదేశీ కంపెనీ భారత్‌లో వ్యాపార స్థలం తెరిచిన 30 రోజుల్లో, 2013 కంపెనీల చట్టం 380వ సెక్షను ప్రకారం FC-1 ఫారం దాఖలు చేయాలి. దానికి F తో మొదలయ్యే చిన్న నమోదు సంఖ్య వస్తుంది. ఇక్కడే స్థాపించిన అనుబంధ సంస్థకు 21 అక్షరాలు, అంకెలు కలిసిన CIN ఉంటుంది. హైదరాబాద్‌లోని విదేశీ ప్రైవేటు అనుబంధ సంస్థ CIN లో రాష్ట్రాన్ని సూచించే TG, స్థాపించిన సంవత్సరం, ఆ వెనుక FTC అనే మూడక్షరాలు కనబడవచ్చు. విదేశీ కంపెనీకి అనుబంధమైన ప్రైవేటు కంపెనీ అని ఆ మూడక్షరాలకు అర్థం. అయితే స్థానికులు స్థాపించిన కంపెనీని విదేశీ సంస్థ తర్వాత కొనుక్కుని ఉంటే పాత PTC అలాగే ఉండిపోవచ్చు. కాబట్టి FTC కనబడనంత మాత్రాన అనుబంధ సంస్థ కాదని చెప్పలేం, వాటాదారుల వివరాలు కూడా చూడాలి.

భారతీయ కంపెనీ తన లెటర్‌హెడ్ మీద CIN ముద్రించి తీరాలి. ఉద్యోగ నియామక పత్రం, ఇన్వాయిస్, లీజు ఏది చేతికొచ్చినా దాని మీది పేరును, సంఖ్యను రిజిస్టరుతో అక్షరం పొల్లుపోకుండా పోల్చుకోవాలి. ఒకే గ్రూపుకు శాఖ, అనుబంధ సంస్థ రెండూ ఉన్నప్పుడు పేర్లలో తేడా ఒక్క మాటే ఉండవచ్చు. జీతం, అద్దె, బాకీ ఇవ్వాల్సిన బాధ్యత సంతకం చేసిన సంస్థదే తప్ప బోర్డు మీది పేరుది కాదు.