వేయని అడుగునూ లెక్కలో రాయాలి

పది మొక్కజొన్న గింజలను తడిగుడ్డలో మూటగట్టి ఉంచితే ఏడు మొలకెత్తాయనుకుందాం. ఆ సంచిలోని గింజల మొలక శాతం 70 అని చెప్పేయవచ్చు. కానీ అసలు శాతం 60 అయినా, 80 అయినా పదిలో ఏడు మొలిచే అవకాశం బాగానే ఉంది. అందుకే బేస్ పద్ధతి ఒక్క అంకెతో ఊరుకోదు, ఏ విలువను ఎంతవరకు నమ్మవచ్చో చెబుతుంది. గింజలను పరీక్షించక ముందున్న అంచనా ప్రయర్, పరీక్షించాక సవరించుకున్న అంచనా పోస్టీరియర్. ముందుగా ఏ విలువ మీదా మొగ్గు లేదనుకుంటే, మొలక రేటు p దగ్గర పోస్టీరియర్ ఎత్తు p⁷(1−p)³ అనే లెక్కకు అనుపాతంలో ఉంటుంది.

ఈ ఎత్తు నేరుగా సంభావ్యత కాదు. దాన్ని గీత కింద ఉన్న మొత్తం వైశాల్యంతో భాగించాలి. తెలియని విలువ ఒక్కటే అయితే అది పెద్ద పనేమీ కాదు. అలాంటివి ఇరవై ఉండి, ఒక్కోదానికి వంద బిందువుల చొప్పున లెక్కించాలంటే మాత్రం 1 పక్కన 40 సున్నాలు పెట్టినన్ని చోట్ల ఎత్తు కొలవాలి. అణువుల అమరికల లెక్కలో ఇలాంటి చిక్కే ఎదురైనప్పుడు అమెరికాలోని లాస్ అలమోస్‌లో ఐదుగురు ఒక ఉపాయం కనిపెట్టి 1953లో ప్రచురించారు. మానియాక్ కంప్యూటర్‌కు ఆ ప్రోగ్రాం రాసింది అరియానా రోసెన్‌బ్లుత్. పద్ధతికి మాత్రం రచయితల వరసలో మొదట ఉన్న మెట్రోపోలిస్ పేరే నిలిచింది.

ఉపాయం ఇది. కొండ మొత్తాన్ని కొలవడం మాని, దాని మీద తిరగాలి. నడక p = 0.6 దగ్గర మొదలైందనుకుందాం. ఎటు వెళ్లాలో, ఎంత దూరమో యాదృచ్ఛికంగా తేలుతుంది. 0.7 వచ్చింది. అక్కడి ఎత్తు 0.6 దగ్గరి ఎత్తుకు 1.24 రెట్లు. ఎక్కుడు కాబట్టి వెళ్లిపోవడమే. తర్వాత 0.8 వచ్చింది. అక్కడి ఎత్తు 0.7 దగ్గరి ఎత్తులో 0.75 వంతే. దిగుడైతే లాటరీ వేయాలి: 0కూ 1కీ మధ్య ఒక సంఖ్య తీసి, అది 0.75 కంటే తక్కువైతే వెళ్లాలి. 0.41 వచ్చింది, నడక 0.8కి చేరింది. ఈసారి 0.9 వంతు. అక్కడి ఎత్తు 0.29 వంతే, లాటరీలో 0.63 వచ్చింది. కాబట్టి కదలకూడదు. కానీ పుస్తకంలో 0.8 అని మరోసారి రాయాలి. ప్రతిసారీ రెండు ఎత్తుల నిష్పత్తి చూస్తే చాలు, భాగించాల్సిన ఆ మొత్తం వైశాల్యం పైనా కిందా కొట్టుకుపోతుంది.

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా పొరబడేది ఆ ‘మరోసారి’ దగ్గరే. కదలనప్పుడు రాసేదేముందని వదిలేస్తారు. శిఖరం దగ్గర ఉన్నప్పుడు చుట్టూ దిగుళ్లే కాబట్టి అడుగులు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. ఆ పునరావృత్తులను చెరిపేస్తే కొండ చదునవుతుంది, సందేహం ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ లాటరీ నియమం ఎందుకు పనిచేస్తుందో మనుషులతో పోల్చి చూడవచ్చు. 0.7 దగ్గర 100 మంది, 0.8 దగ్గర 75 మంది ఉన్నారనుకుందాం. 0.7 నుంచి 0.8కి పిలుపు వచ్చిన వందమందిలో 75 మందే కదులుతారు. 0.8 నుంచి 0.7కి పిలుపు వస్తే 75 మందీ కదులుతారు. రాకపోకలు సమానం కాబట్టి జనాభా అలాగే నిలుస్తుంది, అది ఎత్తుల నిష్పత్తిలోనే ఉంటుంది. రెండువైపులా పిలుపు వచ్చే అవకాశం సమానమైతేనే ఈ లెక్క నిలుస్తుంది. సమానం కానప్పుడు చేయాల్సిన సవరణను హేస్టింగ్స్ 1970లో ఇచ్చారు. తర్వాతి మజిలీ ఇప్పుడున్న చోటు మీదే ఆధారపడే ఇలాంటి వరసను మార్కోవ్ గొలుసు అంటారు. దానికి మాంటే కార్లో లాటరీ తోడైతే ఎంసీఎంసీ.

గింజల ఉదాహరణలో కచ్చితమైన జవాబు ముందే తెలుసు: సగటు 0.667, విలువ 95 శాతం సంభావ్యతతో సుమారు 0.39కీ 0.89కీ మధ్య. కొన్ని వేల అడుగులు నడిచి, పుస్తకంలోని అంకెల సగటు తీస్తే ఈ సంఖ్యకు దగ్గరగానే వస్తుంది. అయితే అడుగు పొడవు కుదరాలి. 0.005 చొప్పున నడిస్తే దాదాపు ప్రతి అడుగూ పడుతుంది కానీ నడక ఉన్నచోటే పాకుతుంది. మరీ పొడవైతే పిలుపులన్నీ పల్లంలోకో, 0–1 హద్దు దాటో పడి నడక ఆగిపోతూ ఉంటుంది. నమోదైన విలువలను వరసగా గీసి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది: మొదటిది మెల్లగా పారే వాగులా, రెండోది మెట్లమెట్లుగా ఉంటుంది. బాగా నడిచినది దట్టంగా పెరిగిన గడ్డిలా కనిపిస్తుంది. ఎక్కడో మూలన మొదలైతే తొలి కొన్ని వందల అంకెలను పక్కన పెట్టడం మామూలే.

గీత బాగున్నంత మాత్రాన నమ్మడానికి లేదు. పోస్టీరియర్‌కు దూరదూరంగా రెండు శిఖరాలుంటే, నడక ఒకదాని మీదే తిరుగుతూ రెండోదాన్ని చూడకపోవచ్చు, గీత మాత్రం చక్కగానే ఉంటుంది. అందుకే నాలుగైదు నడకలను వేర్వేరు చోట్ల మొదలుపెడతారు. అవి ఒకే చోట కలవకపోతే ఏ ఒక్కదాని సగటునూ వాడరు. అన్నీ ఒకే శిఖరం కిందే మొదలైతే ఈ పరీక్ష కూడా రెండో శిఖరాన్ని పట్టుకోలేదు.